బీ450 బోర్డులో రైజెన్ 5600 వేస్తే డిస్‌ప్లే రావట్లేదు, పాత 1600 పెడితే వస్తోంది

శ్రీను_ఖమ్మం

అందరికీ నమస్తే. 2019లో కట్టించుకున్న పీసీ నాది. బీ450 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, రైజెన్ 5 1600, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1650 కార్డు. నిన్న కొత్త రైజెన్ 5 5600 తెచ్చి వేశాను. పవర్ నొక్కితే అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, కార్డు ఫ్యాను కూడా. మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అంటోంది. క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు లైటు మారట్లేదు. బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లుంటాయి కదా, వాటిలో సీపీయూ అని రాసి ఉన్నది వెలిగి, అలాగే ఉండిపోతోంది.

పాత 1600 మళ్లీ పెడితే అంతా మామూలే, విండోస్ కూడా వచ్చేస్తోంది. షాపులో అడిగితే "ప్రాసెసర్ పోయుంటది, పట్టుకురా, మార్చిస్తా" అన్నారు. వాపసుకు వారమే గడువు. ఇచ్చేయాలా, ఇంకేమైనా చూడాలా?

రాజు_భీమవరం

సీమాస్ క్లియర్ చెయ్యండి. ప్లగ్గు పీకేసి, బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది తీసి పది నిమిషాలాగి పెట్టండి. కొత్త ప్రాసెసర్ వేశాక డిస్‌ప్లే రాకపోతే మొదట చేసే పని ఇదేనండి. మా తమ్ముడి పీసీకి దీంతోనే వచ్చింది.

ఫణి_విశాఖ

నాకూ ఇదే సమస్య! నాది 3200జీ ఉండేది, 5600 వేశాను, డిస్‌ప్లే లేదు. బయోస్ కూడా కొత్తదే. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చి చూశా, మానిటర్ మార్చి చూశా. శ్రీను గారూ, మీకు ఏదైనా దొరికితే నాకూ చెప్పండి.

నాగమణి_బెజవాడ

ముందు ఫణి గారి సంగతి. అది వేరే సమస్య. మీ పీసీలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందా? 3200జీ లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి బోర్డు వెనక హెచ్‌డీఎంఐలోంచి బొమ్మ వచ్చేది. 5600 లోపల గ్రాఫిక్స్ లేదు. కార్డు లేకుండా దానితో ఆ పోర్టు నుంచి బొమ్మ ఎప్పటికీ రాదు, బయోస్ ఎంత కొత్తదైనా సరే.

శ్రీను తమ్ముడూ, ప్రాసెసర్ వాపసు ఇవ్వకు, ఇప్పుడే కాదు. నువ్వు చెప్పిన దాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట పాతది పెడితే వస్తోందనడం. అంటే ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, కార్డు, కేబుల్, మానిటర్ అన్నీ బాగున్నట్టే. మిగిలినవి రెండే: కొత్త ప్రాసెసర్ నిజంగా పోయిందో, లేక నీ బోర్డు బయోస్‌కి అదేమిటో తెలియదో. నా బల్ల మీదకు ఇలా వచ్చే బీ450ల్లో చాలావరకు రెండోదే.

పాత ప్రాసెసర్ మీద విండోస్ తెరిచి, పవర్‌షెల్‌లో ఇవి కొట్టి ఏం వస్తుందో ఇక్కడ పెట్టు:

```
Get-CimInstance Win32_BaseBoard | Select Manufacturer, Product, Version
Get-CimInstance Win32_BIOS | Select SMBIOSBIOSVersion, ReleaseDate
```

రాజు గారు చెప్పింది సగం నిజం. సీమాస్ క్లియర్ చేస్తే సెట్టింగులు పోతాయి. ర్యామ్ స్పీడ్ లాంటివి కొత్త ప్రాసెసర్‌కు పడక ఆగిపోతే దాంతో లేస్తుంది, వారి తమ్ముడి పీసీలో అదే జరిగి ఉండొచ్చు. కానీ బయోస్ ప్రోగ్రాం ఉండేది బోర్డు మీద ఇంకో చిప్‌లో. బ్యాటరీ గంటసేపు తీసి పెట్టినా దాని వెర్షన్ మారదు. 2019 వెర్షన్ 2019 వెర్షన్‌గానే ఉంటుంది.

శ్రీను_ఖమ్మం

చూశాను అక్కా. బయోస్ తేదీ 2019 నవంబర్ అని వచ్చింది. బోర్డు వెర్షన్ దగ్గర మాత్రం `x.x` అని చూపిస్తోంది, నంబర్ లేదు. సీమాస్ క్లియర్ కూడా చేశా, మార్పు లేదు.

నాగమణి_బెజవాడ

అయితే దాదాపు తేలినట్టే. రైజెన్ 5000 వరుసలో మొదటివి బజారుకొచ్చింది 2020 నవంబర్‌లో. నీ 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. 2019లో రాసిన బయోస్‌కి 2022 ప్రాసెసర్ ఎలా తెలుస్తుంది?

తేదీ చూసి "కాదు" అని చెప్పొచ్చు గానీ "అవును" అని చెప్పలేం, ఇది గుర్తుపెట్టుకో. తయారీదారు సైట్‌లో నీ బోర్డు పేజీ తెరిచి, సపోర్టులో సీపీయూ జాబితా చూడు. ప్రతి ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. పేరు అక్షరం అక్షరం చూడు: 5600, 5600ఎక్స్, 5600జీ మూడూ జాబితాలో విడివిడిగా ఉంటాయి, వాటికి కావలసిన వెర్షన్లూ వేరు కావచ్చు.

`x.x` వచ్చినందుకు కంగారు పడకు, చాలా బోర్డులు అలాగే చూపిస్తాయి. కేస్ తెరిచి బోర్డు మూలన చూడు, తెల్ల అక్షరాలతో rev అని ఒక నంబర్ ముద్రించి ఉంటుంది. ఒకే పేరుతో రెండు మూడు రివిజన్లు అమ్మారు, ఒక్కోదానికి బయోస్ ఫైలు వేరు. టార్చ్ వేసి ఫోటో తీసుకో.

సుధీర్_డాలస్

కొంచెం ఓపిక పట్టి చూశారా? నేను కిందటేడు 7600 వేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోయింది. పోయిందనుకున్నా. చాయ్ తాగి వచ్చేసరికి డిస్‌ప్లే వచ్చేసింది. మెమరీ ట్రైనింగ్ అంట, మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది. మీరు ఎంతసేపు ఆగారు?

నాగమణి_బెజవాడ

సుధీర్ గారూ, మీది ఏఎం5, డీడీఆర్5. అక్కడ మీరన్నది నిజమే, మధ్యలో పవర్ తీసేసి పాడైందనుకునే వాళ్లున్నారు. శ్రీనుది ఏఎం4, డీడీఆర్4, అంతసేపు పట్టదు. పైగా ర్యామ్ దగ్గర ఆగితే పక్కనున్న డీర్యామ్ లైటు వెలగాలి. ఇక్కడ ఆగింది సీపీయూ లైటు దగ్గరే.

ఇంకో మాట. ఏఎమ్‌డీ ప్రాసెసర్ లోపల ఒక చిన్న భద్రతా ప్రాసెసర్ ఉంటుంది. పవర్ రాగానే మొదట లేచేది అది. బోర్డు మీది బయోస్ చిప్‌లో తన తరానికి సంబంధించిన కోడ్ కోసం వెతుకుతుంది. దొరక్కపోతే అసలు కోర్లను లేపదు. అందుకే క్యాప్స్ లాక్ కూడా పలకట్లేదు. బయోస్ తెరలోకి వెళ్లి అప్‌డేట్ చేద్దామన్నా, ఆ తెర చూపించడానికి నడిచే ప్రాసెసరే లేదు.

లత_కరీంనగర్

మరి పాత ప్రాసెసర్ అమ్మేసినోళ్లు ఏం చెయ్యాలె అక్కా? నాది అదే కథ. బోర్డు సెకండ్‌హ్యాండ్‌ల కొన్న, 5600 కొత్తది, పాతది నా దగ్గర లేదు.

నాగమణి_బెజవాడ

లతా, బోర్డు వెనక పోర్టుల దగ్గర చూడు. కొన్ని బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే బయోస్ రాసే బటన్ ఉంటుంది. ఎంఎస్‌ఐ వాళ్లు ఫ్లాష్ బయోస్ బటన్ అంటారు, ఏసస్ వాళ్లు బయోస్ ఫ్లాష్‌బ్యాక్, గిగాబైట్ వాళ్లు క్యూ-ఫ్లాష్ ప్లస్. బోర్డు మీదున్న ఇంకో చిన్న కంట్రోలర్ పెన్‌డ్రైవ్ లోంచి చదివి చిప్‌లోకి రాస్తుంది, సీపీయూతో పనుండదు. ఎస్‌ఎంపీఎస్ వైర్లు పెట్టి స్విచ్ వేస్తే చాలు.

బీ450లో ఈ బటన్ అన్నిటికీ లేదు, తక్కువ ధర బోర్డుల్లో చాలావాటికి లేదు. లేకపోతే రెండు దారులు. ఎవరి దగ్గరైనా పాత రైజెన్ అరగంట అరువు తీసుకోవడం, లేదా షాపుకు పట్టుకెళ్లడం. సికింద్రాబాద్ సీటీసీలో గానీ, కరీంనగర్‌లోనే అసెంబ్లింగ్ చేసే వాళ్ల దగ్గర గానీ పాత ఏఎం4 ప్రాసెసర్ ఒకటి పడి ఉంటుంది. పెట్టి, అప్‌డేట్ చేసి ఇస్తారు. వెళ్లేముందు ఫోన్‌లో అడుగు, అందరి దగ్గరా ఉండదు.

శ్రీను_ఖమ్మం

అక్కా, రివిజన్ దొరికింది. జాబితాలో 5600 ఉంది, నా వెర్షన్ కంటే చాలా కొత్తది కావాలని ఉంది. నా బోర్డుకు బటన్ లేదు. పాత ప్రాసెసర్ నా దగ్గరే ఉంది కాబట్టి దాని మీదే చేస్తా.

ఒక అనుమానం. డౌన్‌లోడ్ పేజీలో మధ్యలో ఉన్న ఒక వెర్షన్ కింద "తర్వాతి వెర్షన్లకు వెళ్లే ముందు ఇది వేయాలి" అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో రాసి ఉంది. నేరుగా చివరిది వేస్తే ఏమవుతుంది?

నాగమణి_బెజవాడ

ఆ మాట చదివావు, మంచిపని చేశావు. చాలామంది పైనున్న ఫైలు దించుకుని కిందకు చూడరు. పాత బయోస్‌లోని ఫ్లాష్ టూల్‌కు కొత్త ఫైలు అమరిక అర్థం కాకపోవచ్చు. అదృష్టం బాగుంటే ఫైలు తప్పని చెప్పి ఆగిపోతుంది. బాగోకపోతే సగం రాసి ఆగిపోతుంది. వాళ్లు చెప్పిన మధ్య వెర్షన్ ముందు వెయ్యి, లేచిందని చూసుకో, అప్పుడు చివరిది.

నేనెలా చేస్తానో చెబుతాను. 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్ తీసుకుని `FAT32`లో ఫార్మాట్ చెయ్యి. దించుకున్న జిప్‌ను విప్పి, లోపలి బయోస్ ఫైలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో పెట్టు, ఫోల్డర్లలో దాచకు. జిప్ అలాగే పెడితే బయోస్‌కు కనిపించదు. ఆ తర్వాత పాత 1600 మీద డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి, ముందు డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేసి సేవ్ చెయ్యి. ర్యామ్ స్పీడ్ పెంచి ఉన్నా, ఓవర్‌క్లాక్ ఉన్నా పోవాలి. రాసే సమయంలో మెషిన్ హ్యాంగ్ అయితే కరెంటు పోవడంతో సమానం. మళ్లీ లోపలికి వెళ్లి, దానిలోనే ఉన్న ఫ్లాష్ టూల్ తెరిచి ఫైలు ఎంచుకో. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. తనే రీస్టార్ట్ అవుతుంది, ఒకటికి రెండుసార్లు ఆగి లేవొచ్చు. చెయ్యి పెట్టకు.

కరెంటు విషయం. మీ ఖమ్మంలో మధ్యాహ్నం పోతుంటుందేమో, చూసి చెయ్యి. యూపీఎస్ ఉంటే దానికి పెట్టు. ఇంటి ఇన్వర్టర్ మీద చేస్తే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడు. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ అయిపోవచ్చు.

హరి_మదనపల్లె

విండోస్ లోనే తయారీదారు యాప్ ఉంటుంది కదా మేడమ్. నేను మూడుసార్లు దాంతోనే చేశా, ఏమీ కాలేదు. పెన్‌డ్రైవ్ గోల అవసరమా?

నాగమణి_బెజవాడ

పని అవ్వదని అననండీ. కానీ ఆ సమయంలో వెనకాల యాంటీవైరస్, అప్‌డేట్లు, డ్రైవర్లు ఇంకా ఎన్నో నడుస్తుంటాయి. బయోస్ లోపలి టూల్‌లో అవేవీ ఉండవు. సగంలో ఆగిన బోర్డులు నా దగ్గరకొస్తే అడిగే మొదటి ప్రశ్న "విండోస్‌లో చేశారా?" అనే. చాలామంది అవునంటారు.

హరి_మదనపల్లె

విండోస్‌లో సరిగ్గా అయినవాళ్లు మీ దగ్గరకు రారు కదా. అయినా కొత్తవాళ్లకు మీరు చెప్పిందే మేలులెండి.

ఇమ్రాన్_నిజామాబాద్

ఒక జాగ్రత్త శ్రీను భాయ్. విండోస్ 11 అయితే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయ్యుందేమో ముందే చూడు. ప్రాసెసర్ మారితే ఎన్‌క్రిప్షన్ తాళాన్ని దాచే లోపలి టీపీఎం కూడా మారిపోయినట్టే, బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. మా ఆఫీసులో ఒకాయనకు ఇట్లనే అయింది. కీ ఎక్కడుందో తెలియక రెండ్రోజులు పని ఆగింది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి:

```
manage-bde -status C:
```

ప్రొటెక్షన్ ఆన్ అని వస్తే, రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో చూసి కాగితం మీద రాసుకో. తర్వాత ఇది కొట్టు:

```
manage-bde -protectors -disable C: -RebootCount 0
```

చివర సున్నా ఉంటే ఎన్నిసార్లు రీస్టార్ట్ అయినా ఆగే ఉంటుంది. అంతా అయ్యాక `-enable`తో మళ్లీ ఆన్ చెయ్యాలె, మరిచిపోకు.

నాగమణి_బెజవాడ

ఇమ్రాన్ గారు చెప్పింది తప్పక చెయ్యి. కొత్త ప్రాసెసర్‌తో డిస్‌ప్లే రాగానే ఇంగ్లిష్‌లో నల్ల తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎం రీసెట్ చెయ్యాలా, వై నా ఎన్ నా అని. కీ చేతిలో లేకుండా వై నొక్కకు. పాత ప్రాసెసర్‌కు తిరిగి వెళ్లే ఉద్దేశముంటే ఎన్ నొక్కు.

ఇక ప్రాసెసర్ మార్చేటప్పుడు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్ లాగినప్పుడు ప్రాసెసర్ సాకెట్‌లోంచి దానితోపాటే ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పీసీని పదిహేను నిమిషాలు నడిపి ఆఫ్ చెయ్యి, పేస్ట్ వెచ్చగా ఉంటుంది. స్క్రూలు విప్పాక కూలర్‌ను పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పు. పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తు. స్క్రూలు విప్పుతుంటే బోర్డు వెనకున్న బ్యాక్‌ప్లేట్ జారి పడిపోతుంది. కేస్‌ను పడుకోబెట్టి, వెనక నుంచి ఒక చెయ్యి ఆనించి ఉంచు.

వెంకటేశ్_నెల్లూరు

నాదొక అనుభవం. నా బీ450లో పాత ఏ8-9600 ఉండేది. అప్‌డేట్ పూర్తయ్యాక రీస్టార్ట్ అయి డిస్‌ప్లే ఇక రాలేదు. బోర్డు పోయిందనుకున్నా. తర్వాత తెలిసింది, కొత్త బయోస్‌లో ఆ ఏ-సిరీస్ ప్రాసెసర్లకు సపోర్టు తీసేశారట. 5500 పెట్టగానే లేచింది.

నాగమణి_బెజవాడ

అవును, చాలా ఏఎం4 బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీయే. అన్ని తరాల కోడూ అందులో పట్టక, కొన్ని బోర్డుల్లో పాతవాటిని తీసేశారు. అందుకే కొత్త ప్రాసెసర్‌కే కాదు, పాతదానికి కూడా జాబితాలో చివరి వెర్షన్ దాకా సపోర్టు ఉందో లేదో చూసుకోవాలి. శ్రీనూ, నీ 1600 ఉందా?

శ్రీను_ఖమ్మం

ఉంది అక్కా, రెండూ ఉన్నాయి. ఇంకో ప్రశ్న: 5600కు కావలసిన కనీస వెర్షన్ వెయ్యాలా, అన్నిటికన్నా కొత్తదా?

ఇమ్రాన్_నిజామాబాద్

కొత్తదే వెయ్యి భాయ్. 2024లో బయటపడ్డ సింక్‌క్లోజ్ లోపానికి దిద్దుబాటు కొత్త వెర్షన్లలోనే ఉంది.

హరి_మదనపల్లె

నేనైతే పనిచేసేదాన్ని కదిలించను. కావలసినంత వరకే వేసి ఆగుతా. కొత్త వాటిలో కొత్త తలనొప్పులు ఉంటాయి.

నాగమణి_బెజవాడ

ఇద్దరి మాటా కొట్టిపారెయ్యలేను. నేను బీటా అని రాసి ఉన్నవి వదిలేసి, మిగతా వాటిలో కొత్తది వేస్తాను. బయోస్‌లో ఏఎమ్‌డీ ఇచ్చే కోడ్ `AGESA` కనీసం 1.2.0.7 లేదా ఆ తర్వాతిదై ఉండాలి. అంతకు ముందు వాటిలో ఎఫ్‌టీపీఎం ఆన్‌లో ఉంటే మధ్యమధ్య మెషిన్ ఒక్క క్షణం తడబడి ఆగేది, ఆడియో కూడా తెగేది.

శ్రీను_ఖమ్మం

వచ్చేసింది! వివరంగా రాస్తా, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

బిట్‌లాకర్ ఆఫ్‌లోనే ఉంది. ముందు మధ్య వెర్షన్ వేశా. రీస్టార్ట్ అయి విండోస్ దాకా వచ్చాక వెర్షన్ మారిందని చూసుకుని, అప్పుడు చివరిది వేశా. రెండోసారి సుమారు నిమిషంపాటు తెర నల్లగా ఉండి ఒకసారి ఆఫై మళ్లీ లేచింది, అప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. తర్వాత 1600 తీసి 5600 పెట్టా. ఎఫ్‌టీపీఎం ప్రశ్న వచ్చింది, వై నొక్కా. విండోస్ మామూలుగా తెరుచుకుంది.

ఒక్కటే తేడా. ర్యామ్ ఇంతకు ముందు 3200 చూపించేది, ఇప్పుడు 2400 అంటోంది. షాపుకు ఫోన్ చేసి వాపసు అక్కర్లేదని చెప్పేశా.

నాగమణి_బెజవాడ

సంతోషం తమ్ముడూ. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కు పోయాయి, ర్యామ్ ప్రొఫైల్ కూడా. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చెయ్యి. ఆన్ చేశాక లేవకపోతే అప్పుడు రాజు గారి బ్యాటరీ మందు పనిచేస్తుంది.

ఫణి_విశాఖ

నాగమణి గారూ, మీరన్నదే. కార్డు లేదు నా దగ్గర. 5600ను 5600జీకి మార్చమని షాపును అడిగాను, బాక్స్ తెరిచారు కాబట్టి మార్చేది లేదంటున్నారు. పాత కార్డు ఏదైనా చవగ్గా దొరుకుతుందా? గేమింగ్ వద్దు, బొమ్మ వస్తే చాలు.

సుధీర్_డాలస్

జీటీ 710 గానీ 1030 గానీ వాడినది చూడండి ఫణి గారూ. మానిటర్‌కు ఏ కేబుల్ పడుతుందో ముందే చూసుకోండి.

లత_కరీంనగర్

అక్కా, నా బోర్డుకు బటన్ ఉంది! ఎంఎస్‌ఐదే. ఫైలు పేరు `MSI.ROM` అని మార్చి, గుర్తున్న పోర్టుల పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కిన. లైటు కొన్నిసార్లు మినుకుమని ఆగిపోతున్నది. ప్రాసెసర్ పెడితే ఇంకా అదే నల్ల తెర.

నాగమణి_బెజవాడ

తొందరగా ఆగిపోతుందంటే ఫైలు చదవలేకపోతోందని. రాస్తున్నప్పుడు లైటు చాలాసేపు మినుకుతూనే ఉంటుంది. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టి చూడు, పేరు `MSI.ROM.1A0` లాంటిది అయ్యుండొచ్చు. అది సరిగ్గా ఉంటే పెన్‌డ్రైవ్ మార్చు, పాత యూఎస్‌బీ 2.0 చిన్నది అయితే మేలు, జీపీటీ కాకుండా ఎంబీఆర్‌గా చేసి `FAT32` పెట్టు. బోర్డు పూర్తి పేరు కూడా రాయి, చివర మ్యాక్స్ అని ఉందా లేదా. ఆ ఒక్క మాటతో ఫైలు మారిపోతుంది.

లత_కరీంనగర్

మ్యాక్స్ అని బాక్స్ మీద లేదు. కానీ నేను దించుకున్నది మ్యాక్స్ పేజీ నుంచే అనుకుంట. పొద్దున సరైన ఫైలుతో మళ్ల చేసి చెప్త.